చుక్క పెడితే రెండు: తెలుగు ఎస్సెమ్మెస్‌లో 70 లెక్క

ఉగాదికి తెలుగువాళ్లు ఒకరికొకరు పంపుకునే వాక్యం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. 2025లో అది ఇలా ఉండేది: “మీకు, మీ కుటుంబ సభ్యులకు శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు”. దీన్ని ఉన్నదున్నట్టు ఎస్సెమ్మెస్‌గా పంపితే ఒక్క సందేశంలో సరిగ్గా పడుతుంది. చివర ఒక్క చుక్క పెడితే రెండు సందేశాలవుతుంది. పంపినవారి ప్యాక్‌లో ఒకటికి బదులు రెండు తెగుతాయి. అందుకునేవారి ఫోన్ పాతదైతే “శుభాకాంక్షలు” అనే మాట మధ్యలో తెగి రెండు ముక్కలుగా కనపడవచ్చు కూడా.

అదే వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చుక్కే కాదు, ఇంకో 79 అక్షరాలు చేర్చినా ఒక్క సందేశంలోనే వెళ్తుంది. తెలుగులో రాసినప్పుడు చోటు ఎక్కడ ఖర్చవుతోందో తెలియాలంటే ముందు ఎస్సెమ్మెస్ అనే కవరు కొలత తెలియాలి. ఆ తర్వాత ఒక తెలుగు అక్షరాన్ని యూనికోడ్ ఎన్ని సంకేతాలుగా విడదీస్తుందో చూడాలి. ఈ రెండింటిలో మొదటిదాన్ని యూనికోడ్ ఖాతాలో వేయడం పరిపాటి అయింది. అది అంత న్యాయం కాదు.

ఎస్సెమ్మెస్ కవరు 140 బైట్లు. ఒక బైటుకు 8 బిట్లు చొప్పున 1,120 బిట్లు. టెలిఫోన్ కాల్ కలపడానికి, ఫోన్ ఏ టవరు కింద ఉందో తెలుసుకోవడానికి నెట్‌వర్క్ లోపల ఎప్పుడూ చిన్న చిన్న సంకేతాలు తిరుగుతుంటాయి. ఆ దారి ఖాళీగా ఉన్నప్పుడు దాని మీదే నాలుగు మాటలు పంపవచ్చన్న ఆలోచనే ఎస్సెమ్మెస్. ఆ దారిలో ఒక విడతకు పట్టే సరుకు అంతే కాబట్టి కవరూ అంతే అయింది. ఇంగ్లీషు, మరికొన్ని ఐరోపా భాషల అక్షరాలు, అంకెలు, చిహ్నాలు కలిపి 128 గుర్తులతో ఒక పట్టిక వేసుకున్నారు. 128 గుర్తులను వేరుగా గుర్తించడానికి 7 బిట్లు చాలు. 1,120ని 7తో భాగిస్తే 160. ఎస్సెమ్మెస్ అనగానే అందరికీ గుర్తొచ్చే 160 అక్షరాల లెక్క అక్కడిదే.

ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ కూడా పండుగ శుభాకాంక్షే కావడం తమాషా. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు వోడాఫోన్ నెట్‌వర్క్ మీద కంప్యూటర్ నుంచి ఒక ఫోనుకు “మెర్రీ క్రిస్మస్” అని పంపాడు. ఇంగ్లీషులో అది ఖాళీతో కలిపి 15 గుర్తులు. 7 బిట్ల చొప్పున 105 బిట్లు, అంటే 14 బైట్లలో సర్దుకుంటుంది. ఆ మాటనే “క్రిస్మస్ శుభాకాంక్షలు” అని తెలుగులో పంపితే 44 బైట్లు పడుతుంది.

తెలుగు, తమిళం, చైనీస్, అరబిక్ అక్షరాలేవీ ఆ 128 గుర్తుల పట్టికలో లేవు. వాటి కోసం ఎస్సెమ్మెస్ ప్రమాణం వేరే పద్ధతి పెట్టింది. దాని పేరు యూసీఎస్-2. ఇందులో ప్రతి సంకేతానికీ 16 బిట్లు, అంటే రెండు బైట్లు. యూనికోడ్‌లో ఆ అక్షరానికి ఇచ్చిన అంకెను నేరుగా ఆ రెండు బైట్లలో రాస్తారు. 140 బైట్లను రెండేసి చొప్పున పంచితే 70 వస్తుంది. ఈ 70 పరిమితిని పెట్టింది యూనికోడ్ అనుకుంటారు గానీ, యూనికోడ్‌కు సందేశం పొడవుతో పని లేదు. రామాయణం మొత్తం యూనికోడ్‌లో రాసుకోవచ్చు. ఇరుకైనది 1980లలో కొలిచి కుట్టిన కవరు. అందులోకి పెద్ద సైజు అక్షరాలు దూరాల్సి రావడమే అసలు ఇబ్బంది.

ఇక్కడొక కిటుకు ఉంది. ఏ పద్ధతిలో పంపాలన్నది సందేశం మొత్తానికీ కలిపి ఒకసారే తేలుతుంది. తెలుగు అక్షరాలకు 16, మధ్యలో వచ్చే ఖాళీలకూ కామాలకూ 7 అని విడివిడిగా లెక్క కట్టరు. సందేశంలో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా ఖాళీ, కామా, అంకె, ఇంగ్లీషు అక్షరం అన్నీ 16 బిట్ల లెక్కలోకి మారిపోతాయి. ఉగాది వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

```
Meeku, mee kutumba sabhyulaku Sri Viswavasu nama samvatsara Ugadi subhakankshalu
```

ఖాళీలతో కలిపి 80 గుర్తులు. 160లో సగం. ముచ్చటపడి మధ్యలో ఆ ఒక్క “శ్రీ”ని తెలుగులో పెడితే సందేశం మొత్తం యూసీఎస్-2కు మారుతుంది. అప్పుడు లెక్క 81, పరిమితి 70. ఫలితం రెండు సందేశాలు. తెలుగు అక్షరమే కానక్కర్లేదు. రూపాయి గుర్తు ఆ పాత పట్టికలో లేదు. వేరే చోటి నుంచి కాపీ చేసి అతికించినప్పుడు కలిసివచ్చే వంపు తిరిగిన కొటేషన్ గుర్తు కూడా లేదు. వీటిలో ఏ ఒక్కటి దూరినా 160 అంతలోనే 70 అవుతుంది. పూర్తిగా ఇంగ్లీషులో రాసిన దుకాణం ప్రకటన రెండు సందేశాలుగా లెక్క తేలితే ముందు వెతకాల్సింది ఇలాంటి దొంగ గుర్తునే.

ఇప్పుడు రెండో సంగతి. పై తెలుగు వాక్యంలో అక్షరాలు బడిలో పిల్లలు లెక్కపెట్టినట్టు లెక్కపెడితే 29 మాత్రమే. మీ, కు, మీ, కు, టుం, బ, ఇలా. వాటికి 9 ఖాళీలు, ఒక కామా కలిపినా 39. కానీ ఫోను దీన్ని సరిగ్గా 70గా లెక్కిస్తుంది. మిగిలిన 31 ఎక్కడివో “శుభాకాంక్షలు” అన్న ఒక్క మాటను విప్పి చూస్తే తెలుస్తుంది. కంటికి అందులో ఐదే అక్షరాలు: శు, భా, కాం, క్ష, లు. యూనికోడ్‌లో మాత్రం ఇలా ఉంటుంది, వరసకు ఒక అక్షరం చొప్పున:

```
శ 0C36   ు 0C41
భ 0C2D   ా 0C3E
క 0C15   ా 0C3E   ం 0C02
క 0C15   ్ 0C4D   ష 0C37
ల 0C32   ు 0C41
```

మొత్తం 12 సంకేతాలు. శకారానికి ఒకటి, దాని కొమ్ముకు ఒకటి. “కాం”లో కకారానికి, దీర్ఘానికి, సున్నాకు ఒక్కోటి. “క్ష”లో కకారం, పొల్లు, షకారం. తెలుగుకు యూనికోడ్ కేటాయించిన చోటు 0C00 నుంచి 0C7F వరకు, 128 గదులు. ఆ కాస్త చోటులోనే తెలుగు అక్షరాలన్నీ రాయగలగడానికి కారణం ఈ విడదీతే. హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు ఇస్తే చాలు, వాటిని కలిపి అక్షరంగా చూపించే పని ఫాంటు చూసుకుంటుంది. ఒత్తులకు వేరే సంకేతాలు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఫాంటు దాన్ని ఒత్తుగా కిందికి దించుతుంది. ఇది మన దేశంలో యూనికోడ్‌కు ముందే రూపొందిన ఇస్కీ పద్ధతి నుంచి వచ్చిన ఆలోచన.

బడిలో క్ అనే పొల్లుకు అకారం చేర్చితే క అవుతుందని చెబుతారు. యూనికోడ్ లెక్క దీనికి తలకిందులు. తలకట్టుతో ఉన్న “క” ఒక సంకేతం. అందులోంచి అకారాన్ని తీసేసిన “క్” రెండు సంకేతాలు. తలకట్టు ఉచితం, గుడి, కొమ్ము, ఏత్వం వంటివి ఒక్కోటి ఒకటి, సున్నా ఒకటి. ఒత్తు మాత్రం రెండు, ఎందుకంటే పొల్లు ఒకటి, హల్లు ఒకటి. ఈ మూడు ముక్కలు గుర్తుంటే ఏ తెలుగు మాట పొడవైనా చేతివేళ్ల మీద కట్టవచ్చు. “బ” ఒకటి. “కు” రెండు. “శ్రీ” నాలుగు. “స్త్రీ” ఒక్క అక్షరంగానే కనపడినా ఆరు సంకేతాలు. పై వాక్యంలో తెలుగు అక్షరాలు 29, వాటి సంకేతాలు 60. అంటే అక్షరానికి రెండు పైచిలుకు. దీన్ని బట్టి ఒక్క ఎస్సెమ్మెస్‌లో పట్టే తెలుగు దాదాపు 30 అక్షరాలు, పది మాటల లోపు.

ప్రపంచంలో అన్ని లిపులకూ ఇదే గతి పట్టలేదు. కొరియన్ లిపి కూడా అచ్చులూ హల్లులూ కలిపి ఒక గడిలో అక్షరంగా పేర్చేదే. అయితే యూనికోడ్‌లో వాళ్లకు కలిపి పేర్చిన అక్షరాలే 11,172 విడివిడిగా ఉన్నాయి. అందుకే కొరియన్‌లో ఒక పూర్తి అక్షరం ఒక్క సంకేతంతో అయిపోతుంది. చైనీస్‌లో ఒక్కో గుర్తూ ఒక సంకేతమే, అది చాలాసార్లు ఒక పూర్తి మాట కూడా. అదే 70లో వాళ్లు ఒక చిన్న ఉత్తరం రాయగలరు. తెలుగులో మూడేసి హల్లులు కలిసే సంయుక్తాక్షరాలన్నిటికీ గుణింతాలతో సహా గదులు ఇవ్వాలంటే లెక్క వేలల్లోకి పోతుంది. విడదీసి రాసే పద్ధతి కంప్యూటరుకూ, వెతుకులాటకూ, అకారాది క్రమానికీ మంచిదే. ఎస్సెమ్మెస్ దగ్గర మాత్రం దాని బరువు తెలిసొస్తుంది.

వాక్యం 70 దాటినప్పుడు జరిగేది చాలామందికి తెలియదు. 71వ సంకేతం ఒక్కటే రెండో సందేశంలోకి జారుతుందని అనుకుంటారు. నిజానికి మొదటి సందేశం కూడా చిన్నబోతుంది. రెండు ముక్కలూ ఒకే సందేశానివని అందుకునే ఫోనుకు తెలియాలి కదా. దాని కోసం ప్రతి ముక్క ముందూ 6 బైట్ల చీటీ ఒకటి అతికిస్తారు. మొదటి ముక్క చీటీ ఇలా ఉంటుంది:

```
05 00 03 A7 02 01
```

మొదటి అంకె, దాని తర్వాత ఇంకా 5 బైట్ల చీటీ ఉందని చెబుతుంది. 00 అంటే ఇది ముక్కలు కలపడానికి సంబంధించినది, 03 అంటే ఇంకా మూడు బైట్ల వివరం ఉంది. A7 ఆ సందేశానికి ఫోను ఆ క్షణాన వేసుకున్న గుర్తు సంఖ్య. 02 అంటే మొత్తం రెండు ముక్కలు, 01 అంటే ఇది మొదటిది. రెండో ముక్క చీటీలో చివరి అంకె మాత్రం 02గా మారుతుంది. చీటీకి 6 బైట్లు పోగా 134 మిగులుతాయి. అందులో సగం 67. కాబట్టి ఒక్క సందేశమైతే 70, రెండైతే 140 కాక 134, మూడైతే 201. కొన్ని వ్యవస్థలు గుర్తు సంఖ్యకు రెండు బైట్లు వాడతాయి. అక్కడ చీటీ 7 బైట్లు, ముక్కకు 66.

ఇప్పుడు చుక్క పెట్టిన ఉగాది వాక్యాన్ని 67 దగ్గర కోసి చూడాలి. “శుభాకాంక్షలు”లో మొదటి శకారం 59వ సంకేతం. అక్కడి నుంచి లెక్కిస్తే రెండో కకారం 66, దాని పొల్లు 67. కత్తి సరిగ్గా అక్కడే పడుతుంది. మొదటి ముక్క “ఉగాది శుభాకాంక్” దగ్గర ఆగిపోతుంది, రెండో ముక్కలో “షలు.” అని మాత్రం ఉంటుంది. క్ష అనే అక్షరం రెండు కవర్లలో సగం సగం ప్రయాణం చేస్తుందన్నమాట. అందుకునే ఫోను చీటీలు చదివి రెంటినీ అతికిస్తే పొల్లు పక్కన షకారం చేరి మళ్లీ క్ష అవుతుంది, ఎవరికీ తేడా తెలియదు. ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నీ ఆ పని చేస్తాయి. పంపేటప్పుడే అక్షరం మధ్యలో పడకుండా కత్తిని ఒక అడుగు వెనక్కి జరిపే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అలాంటి చోట మొదటి ముక్క 67 నిండకుండానే ముగుస్తుంది.

అతుకు పడనప్పుడే చిక్కు. చీటీ చదవడం రాని పాత ఫోన్లలో, సందేశాన్ని మధ్యలో మరో దారి మళ్లించే కొన్ని వ్యవస్థల్లో ముక్కలు విడివిడిగా దిగుతాయి. ఒక్కోసారి రెండోదే ముందు దిగుతుంది. ఏ ఊరి పెద్దాయన ఫోనులోనో పండుగ పూట “షలు.” అని ఒక సందేశం కనిపిస్తే పంపినవారి తెలుగును తప్పుపట్టనక్కర్లేదు. ఒక ముక్క దారిలో ఆగిపోతే కొన్ని ఫోన్లు రెండోది వచ్చేదాకా అసలేమీ చూపించవు.

సందేశం చెడి వచ్చినప్పుడు అది ఏ రకం చెడో కనిపించే తీరును బట్టి చెప్పవచ్చు. మాట మధ్యలో తెగి, మిగతాది ఇంకో సందేశంగా వస్తే అది అతుకు లోపం. తెలుగు ఉండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలు వరస కట్టి ఉంటే యూసీఎస్-2గా వెళ్లాల్సినదాన్ని ఎక్కడో 128 గుర్తుల పట్టికలోకి బలవంతంగా కుక్కారని అర్థం. కొన్ని ఫోన్ల సెట్టింగుల్లో సందేశం ఏ పద్ధతిలో పంపాలో ఎంచుకునే వీలుంటుంది. అక్కడ పాత పట్టికనే ఖాయం చేసి పెడితే ఈ తంటా వస్తుంది. అసలు అక్షరం అప్పటికే పోయింది కాబట్టి మళ్లీ పంపించుకోవడం తప్ప మార్గం లేదు. ప్రశ్నార్థకాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే సందేశం బాగానే వచ్చింది, ఆ ఫోనులో తెలుగు ఫాంటు లేదు. అదే సందేశాన్ని ఇంకో ఫోనుకు పంపి చూస్తే చక్కగా చదువుకోవచ్చు.

డబ్బాల బాధ మన దేశంలో ఇప్పుడు బాగా తగ్గింది. మొబైల్ ఫోన్లలో భారతీయ భాషల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో ఐఎస్ 16333 మూడో భాగం అనే ప్రమాణాన్ని తెచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల సందేశాలూ ఫోనులో చదవడానికి వీలుండాలన్నది దాని సారం. చదవడం సంగతి అది చూసుకుంది. పొడవు సంగతి దాని పరిధిలోనిది కాదు.

పొడవుకు మందు కాగితం మీద ఉంది. మొబైల్ ప్రమాణాలు తయారుచేసే 3జీపీపీ సంస్థ, ఇంగ్లీషుకు ఉన్నట్టే ఒక్కో భాషకూ 7 బిట్ల పట్టిక ఇవ్వాలని తలపెట్టింది. మొదట టర్కిష్, స్పానిష్, పోర్చుగీస్ భాషలకు, ఆ తర్వాత తెలుగుతో సహా పది భారతీయ భాషలకు పట్టికలు చేర్చింది. వాటిలో తెలుగు సంఖ్య 12. సందేశం ముందు 4 బైట్ల చీటీ పెట్టి, ఇది 12వ పట్టిక ప్రకారం చదవాలని చెబితే చాలు. మిగిలిన 136 బైట్లలో 7 బిట్ల చొప్పున 155 గుర్తులు పడతాయి. మన ఉగాది వాక్యం అందులో సగం కూడా నిండదు. చుక్కతో పాటు ఇంటి పేరు, ఊరి పేరు రాసినా చోటు మిగులుతుంది.

ఇంత మంచి ఏర్పాటు నిత్య వాడుకలోకి రాకపోవడానికి కారణం సాంకేతికం కన్నా సంకోచం. పంపే ఫోనుకు అవతలి ఫోను ఏ పట్టికలు చదవగలదో తెలియదు. అవతలి ఫోనుకు 12వ పట్టిక తెలియకపోతే అది చీటీని పక్కన పెట్టి ఆ బిట్లనే ఇంగ్లీషు పట్టిక ప్రకారం చదువుతుంది. శుభాకాంక్షల బదులు అర్థం పర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు కనిపిస్తాయి. యూసీఎస్-2 అయితే చోటు ఎక్కువ తిన్నా దాదాపు ప్రతి ఫోనూ చదువుతుంది. అందుకని ఫోన్లు, నెట్‌వర్కులు, టోకున సందేశాలు పంపే సంస్థలు ఖర్చు ఎక్కువైనా ఆ దారే పట్టాయి. తెలుగు ఎస్సెమ్మెస్ అంటే నేటికీ 70, రెండో ముక్క వస్తే 67 అనే లెక్కే నడుస్తోంది.

వాట్సాప్ వచ్చాక ఈ గొడవ తీరిందని స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు అనుకోవచ్చు. అక్కడ ఈ కవరు లేదు నిజమే. బటన్ల ఫోను వాడేవారికి, నెట్ లేని చోట ఉన్నవారికి ఇప్పటికీ ఎస్సెమ్మెస్సే దిక్కు. రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు ఇచ్చే ప్యాక్‌లో రెండు ముక్కల శుభాకాంక్ష 50 మందికి మాత్రమే చేరుతుంది. పెద్ద పండుగల నాడు ఎస్సెమ్మెస్ ప్యాక్ వర్తించకుండా విడిగా డబ్బు కోసే రోజులు కూడా ఉండేవి. బ్లాకౌట్ డేస్ అనేవారు వాటిని. ఆ రోజుల్లో చుక్క ఖరీదు ఇంకో పూర్తి సందేశం. వెయ్యి మంది ఖాతాదారులకు పండుగ సందేశం పంపే దుకాణదారుకు ఈ లెక్క ఇప్పటికీ అంతే.

వాక్యాన్ని కుదించే పనిలో ఊహించని సంగతులు బయటపడతాయి. సంస్కృత సమాసాలు తీసి తేట తెలుగు మాటలు పెడితే చోటు మిగులుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. “కుటుంబ సభ్యులకు” అన్నది ఖాళీతో కలిపి 15. దాని బదులు “ఇంటిల్లిపాదికి” అని రాస్తే 14. కలిసొచ్చింది ఒక్కటే. అయినా ఆ ఒక్కటీ చుక్క పెట్టుకోవడానికి సరిపోతుంది. ఇంటిల్లిపాది అన్నాక ఆ మనిషీ అందులో ఉన్నట్టే కదా. ముందున్న “మీకు,” తీసేస్తే పక్కన ఖాళీతో కలిపి ఇంకో ఆరు మిగులుతాయి. అప్పుడు వాక్యం “మీ ఇంటిల్లిపాదికి శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు” అవుతుంది. పొడవు 63. మిగిలిన ఏడులో ఒక ఖాళీ, ఒక గీత, ఇంకో ఖాళీ, ఆ తర్వాత “రాజు” అని సంతకం పెడితే సరిగ్గా 70. పేరు సుబ్బారావు అయితే పదకొండో సంకేతం లేకపోయినా పది పడతాయి కాబట్టి మొత్తం 76కు పోతుంది. శ్రీని, దాని ఖాళీని వదులుకున్నా 71. గీతకు అటూ ఇటూ ఖాళీలు కూడా తీసేస్తే 69కి దిగుతుంది. ఒత్తులూ గుణింతాలూ ఎక్కువున్న పేర్ల వారికి ఈ లెక్కలో కొంత అన్యాయం జరుగుతుంది. “శుభాకాంక్షలు” 12 తింటే “శుభం” నాలుగుతో సరిపెడుతుంది. పొదుపంటే అదే, పండుగ నాడు అంత పొదుపు మాట బాగుంటుందా అన్నది వేరే సంగతి.

కంటికి కనపడకుండా చోటు తినేవీ ఉన్నాయి. రాజ్‌కుమార్ అనే పేరులో జకారం కింద కకారం ఒత్తుగా దిగకుండా ఉండాలంటే మధ్యలో ఒక అదృశ్య సంకేతం పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200C. చాలా తెలుగు కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి. తెర మీద ఏమీ కనిపించదు గానీ లెక్కలో ఒకటి పెరుగుతుంది. నమస్కారం పెట్టే బొమ్మ, పువ్వు బొమ్మ వంటి ఎమోజీలు ఒక్కోటి రెండు. వాటి సంఖ్యలు 16 బిట్లలో పట్టవు కాబట్టి వాటిని జంట సంకేతాలుగా రాస్తారు. చేతుల రంగు మార్చిన నమస్కారం నాలుగు.

ఇవన్నీ వేళ్ల మీద కట్టే ఓపిక లేకపోతే ఫోనే చెబుతుంది. చాలా మెసేజ్ యాప్‌లలో రాసే పెట్టె పక్కన, పరిమితి దగ్గర పడ్డాక, ఇంకా ఎన్ని మిగిలాయో, ఎన్నో సందేశంలో ఉన్నారో చూపే చిన్న అంకెలు వస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చునేవారు పైథాన్‌లో ఒక్క వరుసతో చూసుకోవచ్చు. కొటేషన్ల మధ్య తమ వాక్యం పెడితే చాలు:

```
len("ఉగాది శుభాకాంక్షలు".encode("utf-16-be")) // 2
```

జవాబు 18.

శుభాకాంక్షల పొడవు ఏ ఏటికాయేడు మారేది సంవత్సరం పేరు దగ్గరే. విశ్వావసు 9 సంకేతాలు. దానికి ముందటి ఏడు, 2024లో, క్రోధి 6. అప్పుడు అదే వాక్యం 67, చుక్కకు చోటుండేది. 2014లో జయ కేవలం రెండు. ఆ ఏడు పూర్తి వాక్యం 63లో అయిపోయి, రాజుగారి సంతకం కూడా ఏమీ కోయకుండానే పట్టేది. 2026 నాటి పరాభవ 5, వాక్యం 66. ఆ తర్వాత ప్లవంగ, కీలక, సౌమ్య, సాధారణ సంవత్సరాలు కూడా ఆరు దాటవు. 2031లో వచ్చేది విరోధికృతు. దాన్ని విరోధికృత్ అని రాసినా, విరోధికృతు అని రాసినా 10 సంకేతాలు. ఆ ఉగాదికి చుక్క పెట్టకపోయినా వాక్యం 71.